ముగింపు ఎంట్రీల తర్వాత ట్రయల్ బ్యాలెన్స్ కుదిరింది, కానీ మూలధనం 9,000 ఎక్కువ చూపిస్తోంది

కొత్త_గుమస్తా

ఒక చిన్న సొంత వ్యాపారం లెక్కలు మూస్తున్నాను. ఒక్కరే యజమాని. సర్దుబాటు ఎంట్రీలన్నీ రాశాక వచ్చిన ట్రయల్ బ్యాలెన్స్ ఇది.

డెబిట్ వైపు: బ్యాంకు 84,000, రావలసిన బాకీలు 46,000, సరుకు నిల్వ 60,000, ముందుగా కట్టిన బీమా 6,000, పరికరాలు 1,20,000, సొంతవాడకాలు 36,000, అమ్మకాల వాపసులు 9,000, అమ్మిన సరుకు ఖరీదు 2,10,000, జీతాలు 72,000, అద్దె 24,000, తరుగుదల 12,000, బీమా ఖర్చు 6,000.

క్రెడిట్ వైపు: పేరుకున్న తరుగుదల 36,000, ఇవ్వవలసిన బాకీలు 52,000, ఇవ్వవలసిన జీతాలు 5,000, మూలధనం 2,08,000, అమ్మకాలు 3,80,000, వడ్డీ ఆదాయం 4,000.

రెండు వైపులా 6,85,000. ఇక్కడిదాకా బాగానే ఉంది.

దీన్నుంచి తయారు చేసిన నివేదికలో నికర లాభం 51,000. అంటే చివరి మూలధనం 2,08,000కి 51,000 కలిపి, సొంతవాడకాలు 36,000 తీసేస్తే 2,23,000 రావాలి. ముగింపు ఎంట్రీలు రాశాక ఆవర్జాలో మూలధనం 2,32,000 ఉంది. లాభనష్టాల ఖాతా నుంచి మూలధనానికి వెళ్లింది 51,000 కాదు, 24,000. విచిత్రమేమంటే ముగింపు తర్వాతి ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం 3,25,000 దగ్గర చక్కగా కుదిరింది. రెండు వైపులా సమానమైనప్పుడు తప్పు ఎక్కడున్నట్టు?

తొమ్మిదో_ఎక్కం

ఇది చూడగానే తెలిసిపోతోంది. 2,23,000 బదులు 2,32,000 పడింది. అంకెలు తారుమారయ్యాయి. తేడా 9,000, అది తొమ్మిదితో భాగించబడుతుంది. మీ లాభం తేడా 27,000 కూడా తొమ్మిదితో పోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది, పాత సూత్రమే. మూలధనం ఖాతాలో రాసిన అంకె ఒకసారి సరిచూసుకోండి, అక్కడే దొరుకుతుంది.

కొత్త_గుమస్తా

చూశాను. మూలధనం ఖాతాలో ప్రారంభ నిల్వ 2,08,000, లాభనష్టాల ఖాతా నుంచి 24,000. అంతే. 2,23,000 అనే అంకె నేను ఆవర్జాలో ఎక్కడా రాయనే లేదు, తారుమారు చేయడానికి.

ఆవర్జా_పురుగు

తొమ్మిదో_ఎక్కం గారి సూత్రం సరైనదే, కానీ ఈ తప్పుకి అతకదు. మూలధనం ఒక్కదాంట్లోనే 9,000 ఎక్కువ రాసి ఉంటే క్రెడిట్ వైపు 9,000 పెరిగి, ట్రయల్ బ్యాలెన్స్ కుదరకుండా పోయేది. కుదిరిందంటే డెబిట్ వైపు కూడా ఎక్కడో సరిగ్గా 9,000 అదనంగా ఉంది. అంకె తప్పు రాయలేదు. ఒక ఖాతా ఉండకూడని చోట ఉండిపోయింది.

గుమస్తా గారూ, ఒక పని చెయ్యండి. సర్దుబాటు తర్వాతి ట్రయల్ బ్యాలెన్స్, ముగింపు తర్వాతిది, రెండూ పక్కపక్కన పెట్టండి. ముగింపు ఎంట్రీలు ఆస్తులనీ అప్పులనీ ముట్టుకోవు. అవి చేసేదల్లా ఆదాయాలు, ఖర్చులు, సొంతవాడకాలు సున్నా చేసి ఆ మొత్తాన్ని మూలధనంలోకి చేర్చడం. కాబట్టి రెండో పట్టికలో మూలధనం తప్ప మిగిలిన ప్రతి వరుసా మొదటి పట్టికలో ఉన్నట్టే, పైసా తేడా లేకుండా ఉండాలి. డెబిట్ వైపు మీకు ఉండవలసినవి అయిదే: 84,000, 46,000, 60,000, 6,000, 1,20,000. కలిపితే 3,16,000. మీకు 3,25,000 వచ్చింది. ఆరో వరుస ఏమిటో చెప్పండి. మీరు రాసిన ముగింపు ఎంట్రీలు కూడా ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి.

కొత్త_గుమస్తా

ఆరో వరుస అమ్మకాల వాపసులు 9,000! కళ్ల ముందే ఉంది, మొత్తాలు కుదిరాయని వరుసలు చదవలేదు.

ఎంట్రీలు ఇవి.

ఒకటి: అమ్మకాలు డెబిట్ 3,80,000, వడ్డీ ఆదాయం డెబిట్ 4,000, లాభనష్టాల ఖాతా క్రెడిట్ 3,84,000.

రెండు: లాభనష్టాల ఖాతా డెబిట్ 3,60,000. క్రెడిట్ వైపు అమ్మిన సరుకు ఖరీదు 2,10,000, జీతాలు 72,000, అద్దె 24,000, తరుగుదల 12,000, బీమా ఖర్చు 6,000, సొంతవాడకాలు 36,000.

మూడు: లాభనష్టాల ఖాతా డెబిట్ 24,000, మూలధనం క్రెడిట్ 24,000.

కానీ వాపసులు 9,000 మాత్రమే కదా, లాభంలో తేడా 27,000 ఎలా వచ్చింది?

ఆవర్జా_పురుగు

రెండు తప్పులు ఒకదానికొకటి ఎదురు నిలిచాయి, అందుకే 27,000 ఏ ఖాతాతోనూ సరిపోలలేదు.

వాపసులు మూయకపోవడం వల్ల లాభం 9,000 ఎక్కువైంది. సొంతవాడకాలను ఖర్చుల గుంపులో కలిపేయడం వల్ల లాభం 36,000 తక్కువైంది. 36,000లోంచి 9,000 పోతే 27,000. నివేదికలో 51,000, మీ ఖాతాలో 24,000.

ఇందులో రెండో తప్పు టక్కరిది. సొంతవాడకాలు లాభనష్టాల ఖాతా మీదుగా వెళ్లినా, నేరుగా మూలధనంలోకి వెళ్లినా, చివరికి మూలధనం తగ్గేది అదే 36,000. చివరి నిల్వలో ఏ మార్పూ కనబడదు. అందుకే మీ మూలధనంలో 9,000 తేడా మాత్రమే పైకి తేలింది. వాపసులు కూడా సరిగ్గా మూసి ఉంటే మూలధనం 2,23,000 వచ్చి, ముగింపు పట్టిక అన్ని విధాలా సరిగ్గా కనిపించేది. లాభనష్టాల ఖాతాలో మాత్రం 51,000 బదులు 15,000 బదిలీ అయి ఉండేది. యజమాని ఇంటికి తీసుకున్న డబ్బు వ్యాపారం ఖర్చు కాదు. వచ్చే ఏడాది ఎవరైనా ఆవర్జా తిప్పి పోయినేటి లాభం ఎంత అని చూస్తే తప్పుడు అంకె కనిపిస్తుంది.

అందుకని మూడో ఎంట్రీ రాసే ముందు ఆగాలి. ఆదాయాలూ ఖర్చులూ వచ్చి చేరాక లాభనష్టాల ఖాతా నిల్వ నివేదికలోని నికర లాభంతో సరిపోవాలి. సరిపోకపోతే బదిలీ చేయొద్దు. ఆ ఖాతా మధ్యలో ఉన్నదే అందుకు. మీరు 24,000 చూసి కూడా ముందుకెళ్లిపోయారు.

చిట్టా_రాత

వాపసులు ఎందుకు తప్పిపోయాయో కూడా చెప్పుకోవాలి, ఇది చాలామందికి జరిగేదే. ఖాతాల జాబితాలో వాపసులు ఆదాయాల కింద, అమ్మకాల పక్కనే ఉంటాయి. కానీ నిల్వ డెబిట్. ఆదాయాలు మూసేటప్పుడు క్రెడిట్ నిల్వలు ఉన్నవే ఏరుకుంటాం, అక్కడ వదిలేస్తాం. ఖర్చులు మూసేటప్పుడు ఖర్చుల గుంపే చూస్తాం, అక్కడా ఉండదు. రెండు వలల మధ్య సందులోంచి జారిపోతుంది. అమ్మకాలపై ఇచ్చిన తగ్గింపులు కూడా ఇంతే. కొనుగోలు వాపసుల ఖాతా విడిగా ఉంచేవాళ్లకి ఇదే తలకిందులుగా జరుగుతుంది, ఖర్చుల మధ్య క్రెడిట్ నిల్వ.

గుంపు పేరు చూసి కాదు, నిల్వ ఏ వైపు ఉందో చూసి మూయండి. తాత్కాలిక ఖాతాలన్నీ ఒక జాబితా రాసుకుని, క్రెడిట్ నిల్వ ఉన్నవి మొదటి ఎంట్రీలో, డెబిట్ నిల్వ ఉన్నవి రెండో ఎంట్రీలో వేసుకుంటే ఏదీ జారదు. సొంతవాడకాలు మాత్రం ఆ జాబితాలోకి రాకూడదు. దానికి విడిగా నాలుగో ఎంట్రీ.

నిల్వ_నాగులు

నాదీ ఇలాంటిదే అనుకుంటా. పేరుకున్న తరుగుదల ఖాతాకి క్రెడిట్ నిల్వ ఉంది. మీరు చెప్పినట్టే నిల్వ ఏ వైపో చూసి ఆదాయాలతో పాటు మూసేశాను. తరుగుదల అంటే ఖర్చు లెక్కే కదా. నా పట్టిక కూడా కుదిరింది. అంటే సరే కదా?

చిట్టా_రాత

బాబోయ్, కాదు. నేను చెప్పింది తాత్కాలిక ఖాతాల జాబితా రాసుకున్నాక చేసే పని. పేరుకున్న తరుగుదల ఆ జాబితాలోకే రాదు. అది పరికరాల ఖాతాకి అంటుకుని ఉండేది, పరికరం ఉన్నంతకాలం ఏడాదికేడాది పెరుగుతూ ఉంటుంది. ఏటా సున్నా చేయవలసింది తరుగుదల ఖర్చు ఒక్కటే.

ఆవర్జా_పురుగు

నాగులు గారూ, మీరు చేసినదాని ఫలితం చూడండి. గుమస్తా గారి అంకెలే తీసుకుందాం. పేరుకున్న తరుగుదల 36,000ని ఆదాయంగా మూస్తే లాభం 51,000 నుంచి 87,000 అవుతుంది, పరికరాలు వాడకమే లేనట్టు 1,20,000 విలువతో నిలబడతాయి. మూలధనం 36,000 పెరుగుతుంది, పేరుకున్న తరుగుదల 36,000 మాయమవుతుంది. రెండూ క్రెడిట్ వైపే కాబట్టి మొత్తం 3,16,000 అలాగే ఉంటుంది, పట్టిక నవ్వుతూ కుదురుతుంది. మొత్తాలు చూస్తే ఈ తప్పు దొరకదు. నేను పైన చెప్పిన పక్కపక్కన పెట్టి చూసే పద్ధతిలో అయితే వెంటనే దొరుకుతుంది, ఎందుకంటే ఒక వరుస ఏకంగా లేకుండా పోయింది.

నిల్వ_నాగులు

అయ్యో. అయితే ఆ ఎంట్రీని తిరగ రాయాలి. మూడేళ్లుగా ఇలాగే చేస్తున్నాను మరి.

ఆవర్జా_పురుగు

మూడేళ్లదైతే అది వేరే ముచ్చట. ప్రతి ఏడాదీ ఎంత మూశారో లెక్క తీయాలి, ఏ ఏడాది లాభం ఎంత మారిందో చూడాలి, ఆ లాభాలు ఎవరికైనా నివేదించారా అన్నది కూడా తేలాలి. కొత్త చర్చ మొదలుపెట్టండి, పరికరాల రిజిస్టర్ దగ్గర పెట్టుకుని.

కొత్త_గుమస్తా

నా దగ్గరికి వద్దాం. ఇంకో చిక్కుంది. నేను ఇది గమనించేలోపే కొత్త సంవత్సరం ఎంట్రీలు మొదలుపెట్టాను. నాలుగో రోజున 1,200 సరుకు వాపసు వచ్చింది. ఇప్పుడు ఆ ఖాతాలో 10,200 ఉంది. ఎలా సరిచేయాలి? మూడు ఎంట్రీలూ కొట్టేసి మళ్లీ రాయనా?

చిట్టా_రాత

కొట్టివేతలు వద్దండీ. పుస్తకంలో అయితే అసలే వద్దు. తప్పు ఎంట్రీ అలాగే ఉండనిచ్చి, సవరణ ఎంట్రీ పాత సంవత్సరం ఆఖరి తేదీతో రాయండి, కారణం ఒక వాక్యంలో రాసి. 1,200 కొత్త ఏడాదిది, దాన్ని కదపకండి. కదపవలసింది 9,000 ఒక్కటే. ఇప్పుడు అలాగే వదిలేస్తే ఏడాది చివర వాపసులు 9,000 ఎక్కువ చూపించి కొత్త ఏడాది లాభాన్ని తినేస్తాయి.

ఆవర్జా_పురుగు

అవును. సవరణ ఇలా రాస్తే జరిగింది మొత్తం ఆవర్జాలో కనబడుతుంది. తేదీ అన్నిటికీ పాత సంవత్సరం ఆఖరి రోజే.

సొంతవాడకాలను లాభనష్టాల ఖాతాలోంచి బయటికి తీయడానికి: మూలధనం డెబిట్ 36,000, లాభనష్టాల ఖాతా క్రెడిట్ 36,000.

వదిలేసిన వాపసులు మూయడానికి: లాభనష్టాల ఖాతా డెబిట్ 9,000, అమ్మకాల వాపసులు క్రెడిట్ 9,000.

ఇప్పుడు లాభనష్టాల ఖాతాలో క్రెడిట్ నిల్వ 27,000 మిగిలింది. మీరు వెతికిన 27,000 ఇదే. దాన్ని బదిలీ చేయండి: లాభనష్టాల ఖాతా డెబిట్ 27,000, మూలధనం క్రెడిట్ 27,000.

మొదట పంపిన 24,000కి ఈ 27,000 కలిస్తే మొత్తం 51,000 మూలధనంలోకి చేరింది. మూలధనం లెక్క: 2,32,000లోంచి 36,000 పోయి 1,96,000, దానికి 27,000 కలిసి 2,23,000. లాభనష్టాల ఖాతా సున్నా, వాపసులు పాత తేదీకి సున్నా, కొత్త ఏడాదిలో 1,200.

నివేదికలు మళ్లీ తయారు చేయనక్కర్లేదు. అవి సర్దుబాటు తర్వాతి ట్రయల్ బ్యాలెన్స్ నుంచి తీసినవి, అక్కడ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూసేటప్పుడు మాత్రమే తప్పింది.

నేరుగా_మూలధనం

ఇంత తంటా ఎందుకు? మూలధనం డెబిట్ 9,000, వాపసులు క్రెడిట్ 9,000. ఒక్క ఎంట్రీ. చివరి నిల్వలన్నీ అవే వస్తాయి. అసలు లాభనష్టాల ఖాతా అనే మధ్యమజిలీ లేకుండా ఆదాయాలూ ఖర్చులూ నేరుగా మూలధనంలోకి మూస్తే ఈ గొడవే ఉండదు.

ఆవర్జా_పురుగు

చివరి నిల్వలు అవే వస్తాయి, కాదనను. కానీ లాభనష్టాల ఖాతాలో 24,000 బదిలీ అన్నది అలాగే ఉండిపోతుంది. ఆ ఖాతా తిప్పి చూసినవాళ్లకి లాభం 51,000 అని తెలిసే దారి ఉండదు. మధ్యమజిలీ లేకుండా నేరుగా మూస్తే ఇంకో ఇబ్బంది: లాభం ఇంత అని చూపించే ఒక్క అంకె ఆవర్జాలో ఎక్కడా ఉండదు, నివేదికతో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

నేరుగా_మూలధనం

పోల్చుకోవడానికి మూలధనం చివరి నిల్వ ఉందిగా. ఇక్కడ తప్పు బయటపడింది కూడా దానివల్లే.

ఆవర్జా_పురుగు

సగం తప్పే బయటపడింది. 36,000 సంగతి దానివల్ల తెలియలేదు. సరే, పది ఖాతాలున్న చోట మీ పద్ధతి నడుస్తుంది. ఖాతాలు ఎక్కువున్న చోట నేను చేయను.

గడి_లెక్క

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లకి చిన్న ఉపాయం. ఖాతా పేరు పక్కన B నిలువు వరుసలో తాత్కాలిక ఖాతాలకి T, శాశ్వత ఖాతాలకి P అని పెట్టుకోండి. D నిలువు వరుసలో ముగింపు తర్వాతి నిల్వ, క్రెడిట్ అయితే మైనస్‌తో. సొంతవాడకాలకీ లాభనష్టాల ఖాతాకీ కూడా T పెట్టాలి, మర్చిపోవద్దు.

```
=SUMPRODUCT((B2:B40="T")*(ABS(D2:D40)>0.005))
```

ఇది ఇంకా తెరిచి ఉన్న తాత్కాలిక ఖాతాలు ఎన్నో చెబుతుంది. జవాబు 0 రావాలి. T ఖాతాల నిల్వలు ఊరికే కూడితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. అద్దెలో 500 డెబిట్, వడ్డీ ఆదాయంలో 500 క్రెడిట్ మిగిలితే కూడిక సున్నా వస్తుంది, రెండు ఖాతాలూ తెరిచే ఉంటాయి. D వరుసలో అక్షరాలు ఉంటే ఫార్ములా తప్పు చూపిస్తుంది, అంకెలే ఉంచండి.

తొమ్మిదో_ఎక్కం

ఒప్పుకుంటున్నా, తొందరపడ్డాను. వాపసుల మొత్తమే 9,000 కావడంతో మోసపోయాను. అయితే నా సూత్రం ఇక్కడ ఎప్పుడు పనికొస్తుంది? అద్దె 24,000 బదులు 42,000 అని మూస్తే?

చిట్టా_రాత

అప్పుడు అద్దె ఖాతా సున్నా కాకుండా 18,000 క్రెడిట్ నిల్వతో మిగులుతుంది. లాభనష్టాల ఖాతాలో కూడా 42,000 అనే పడి ఉంటే పట్టిక కుదురుతుంది, కానీ ఖర్చు ఖాతాకి క్రెడిట్ నిల్వ ఉండటమే తప్పుకి గుర్తు. ఒక వైపు 24,000, ఇంకో వైపు 42,000 పడితే పట్టిక 18,000 తేడాతో కుదరదు. మీ తొమ్మిది అక్కడ పనికొస్తుంది.

కొత్త_గుమస్తా

మూడు సవరణలూ రాశాను. కొత్త పట్టిక 3,16,000 దగ్గర కుదిరింది, మూలధనం 2,23,000. ఈసారి వరుసలు కూడా చదివాను, కాబట్టి ఇంకోటి దొరికింది. ఇవ్వవలసిన జీతాలు 5,000 వరుస లేదు. బదులుగా జీతాల ఖాతాలో 5,000 క్రెడిట్ ఉంది. గడి_లెక్క గారి ఫార్ములా 1 అని చూపిస్తోంది. జీతాలు 72,000 మొత్తం మూశాను కదా?

ఆవర్జా_పురుగు

పట్టిక ఏ తేదీకి తీశారు?

కొత్త_గుమస్తా

కొత్త సంవత్సరం మొదటి రోజుకి. ప్రారంభ నిల్వలు అవే కదా అని.

ఆవర్జా_పురుగు

ఆ రోజున ఎవరో సర్దుబాటుని తిప్పి రాసే ఎంట్రీ వేసి ఉంటారు: ఇవ్వవలసిన జీతాలు డెబిట్ 5,000, జీతాలు క్రెడిట్ 5,000. అది తప్పు కాదు. మొదటి జీతాల చెల్లింపు మొత్తం ఖర్చుగా రాసినప్పుడు, అందులో పాత ఏడాదికి చెందిన 5,000ని ఈ క్రెడిట్ తగ్గిస్తుంది. కానీ అది కొత్త ఏడాది ఎంట్రీ. ముగింపు పట్టిక పాత సంవత్సరం ఆఖరి రోజుకే తీయాలి, తిప్పి రాసేవి ఆ తర్వాతే.

కొత్త_గుమస్తా

ఆఖరి రోజుకి తీశాను. ఇవ్వవలసిన జీతాలు 5,000 తిరిగొచ్చింది, ఫార్ములా 0. డెబిట్ వైపు అయిదు వరుసలు, క్రెడిట్ వైపు 36,000, 52,000, 5,000, 2,23,000. తిప్పి రాసిన ఎంట్రీ నిజంగానే ఉంది, వేసింది మా పాత గుమస్తా.

నేరుగా_మూలధనం

తిప్పి రాయడం కూడా అనవసరమే నన్నడిగితే. మొదటి చెల్లింపు రోజున ఇవ్వవలసిన జీతాలు 5,000 డెబిట్, మిగతాది జీతాలు డెబిట్ అని విడగొట్టి రాస్తే చాలు.

చిట్టా_రాత

విడగొట్టాలని ఆ రోజు ఎంట్రీ రాసేవాడికి గుర్తుంటే చాలు. గుర్తుండదనే కదా తిప్పి రాసేది.